కేటలాగ్‌లో ఏది, స్టేటస్‌లో ఏది: వీధి బట్టల షాపు వాట్సాప్ లెక్క

బట్టల షాపులు నడిపేవాళ్లు వాట్సాప్ గురించి అడిగేవి ఎక్కువగా రెండు ప్రశ్నలే. "కేటలాగ్‌లో రెండొందల ఫోటోలు పెట్టాం, ఒక్కరూ అడగట్లేదు, ఎందుకు?" అనేది ఒకటి. "రోజూ స్టేటస్ పెడుతున్నాం, వెయ్యి మంది కస్టమర్లు ఉన్నా యాభై మంది కూడా చూడట్లేదు, ఎందుకు?" అనేది రెండోది. ఈ రెండింటికీ ఫోన్ మంచిది కాకపోవడమో, ఫోటో బాగా రాకపోవడమో కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరే. కేటలాగ్, స్టేటస్ పనిచేసే తీరులు పూర్తిగా వేరు. ఒకదానిలో పెట్టాల్సిన సరుకును రెండోదానిలో పెడితే రెండూ పనిచేయవు.

కేటలాగ్ ఉన్నచోటే ఉంటుంది. ఎవరైనా మన షాపు పేజీ తెరిచి చూస్తేనే కనిపిస్తుంది. స్టేటస్ అలా కాదు, ఎవరూ అడగకుండానే వాళ్ల ఫోన్‌లోకి వెళుతుంది. కానీ 24 గంటల్లో పోతుంది, అదీ కొందరికే చేరుతుంది. ఆ కొందరు ఎవరన్న దగ్గరే చాలా షాపుల లెక్క తప్పుతోంది.

## ముందు ఏ వాట్సాప్ గురించి మాట్లాడుతున్నాం

వాట్సాప్‌లు మూడు రకాలున్నాయి. అందరూ వాడే మామూలు వాట్సాప్‌లో స్టేటస్ ఉంటుంది, సొంత కేటలాగ్ పెట్టుకునే వీలుండదు. రెండోది వాట్సాప్ బిజినెస్ యాప్. ఇది 2018లో వచ్చింది, కేటలాగ్ సదుపాయం 2019 చివర్లో చేరింది. ఇదీ ఉచితమే. వీధి షాపుకు కావాల్సింది ఇదే. మూడోది పెద్ద కంపెనీలు వాడే బిజినెస్ ప్లాట్‌ఫాం. బ్యాంకుల నుంచి, టికెట్ బుకింగ్ కంపెనీల నుంచి మనకొచ్చే మెసేజ్‌లు దాని ద్వారా వస్తాయి. దానికి డబ్బు కట్టాలి.

"మీ షాపుకు వాట్సాప్ మార్కెటింగ్ చేసిపెడతాం, నెలకింత" అని ఫోన్ చేసేవాళ్లు సాధారణంగా అమ్మేది ఆ మూడోదాన్ని. కొందరైతే అది కూడా కాకుండా, ఒకేసారి వేల నంబర్లకు మెసేజ్ కొట్టే అనధికార సాఫ్ట్‌వేర్‌ను అంటగడతారు. అలా పంపితే జనం "రిపోర్ట్" నొక్కుతారు, నంబరు బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంటుంది. పదేళ్లుగా వీధి మొత్తానికి తెలిసిన నంబరు అలా పోతే షాపుకు పెద్ద దెబ్బే. చుట్టుపక్కల నాలుగు వీధుల కస్టమర్లతో నడిచే షాపుకు ఇవేవీ అక్కర్లేదు.

## పాత నంబరా, కొత్త నంబరా

బిజినెస్ యాప్ వేసుకోగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. ఒకే నంబరుతో మామూలు వాట్సాప్, బిజినెస్ యాప్ రెండూ నడవవు. పాత నంబరును బిజినెస్ యాప్‌లోకి మార్చుకోవచ్చు, చాట్‌లు కూడా దానితోపాటు వస్తాయి. లేదా రెండో సిమ్ తీసుకుని, ఒకే ఫోన్‌లో మామూలు వాట్సాప్ ఒక నంబరుతో, బిజినెస్ యాప్ ఇంకో నంబరుతో నడపొచ్చు.

కొత్త నంబరే మంచిదనేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. షాపు వేరు, ఇల్లు వేరు. రాత్రి పదకొండింటికి "అక్కా, ఆ నైటీ ఉందా?" అని మెసేజ్ వస్తే ఇంటి ఫోన్ మోగదు. షాపులో పనిచేసే అమ్మాయికి ఫోన్ ఇచ్చినా మన కుటుంబం ఫోటోలు, బంధువుల మాటలు ఆమె కంట పడవు. చీరల ఫోటోల మధ్య బాబు పుట్టినరోజు ఫోటో కనిపించదు.

కానీ ఇందులో ఒక చిక్కుంది. వాట్సాప్‌లో మన స్టేటస్ ఒకరికి కనిపించాలంటే వాళ్ల నంబరు మన ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి, మన నంబరు వాళ్ల ఫోన్‌లో కూడా సేవ్ అయి ఉండాలి. రెండు వైపులా ఉంటేనే స్టేటస్ చేరుతుంది. పాత నంబరును వీధిలో మూడొందల మంది ఇప్పటికే ఏదో ఒక పేరుతో సేవ్ చేసుకుని ఉంటారు. కొత్త నంబరు ఎవరి దగ్గరా ఉండదు. మన ఫోన్‌లో ఆ మూడొందల మంది ఉన్నా, వాళ్ల ఫోన్‌లో మనం లేం కాబట్టి మొదటిరోజు స్టేటస్ దాదాపు ఎవరికీ కనిపించదు.

"వెయ్యి మంది కస్టమర్లు, యాభై మంది చూస్తున్నారు" అన్న ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఇదే. ఆ వెయ్యిలో సగం మంది నంబర్లు బిల్లు పుస్తకంలో ఉంటాయి, ఫోన్‌లో ఉండవు. ఫోన్‌లో ఉన్నవాళ్లలో చాలామంది మనల్ని సేవ్ చేసుకుని ఉండరు. మిగిలినవాళ్లలో స్టేటస్‌లు చూసే అలవాటు ఉన్నవాళ్లే చూస్తారు. వాళ్లలోనూ నీలి టిక్కులు చూపించే రీడ్ రిసీట్స్ ఆపుకున్నవాళ్లు చూసినా మన లెక్కలోకి రారు. అందుకే స్టేటస్ కింద కంటి గుర్తు పక్కన కనిపించే అంకె అసలు చూసినవాళ్ల కంటే కొంచెం తక్కువే ఉంటుంది.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఏళ్ల తరబడి నడుస్తున్న షాపు పాత నంబరునే మార్చుకోవడం మేలు. ఇంటివాళ్ల కోసం కొత్త నంబరు తీసుకోవడం తేలిక, ఎందుకంటే ఇంటివాళ్లు అడిగితే వెంటనే సేవ్ చేసుకుంటారు. కొత్తగా తెరిచిన షాపుకు ఈ చిక్కు లేదు, మొదటి నుంచీ వేరే నంబరు పెట్టుకోవచ్చు. అయితే ఆ సిమ్‌ను రీఛార్జ్ చేయకుండా డ్రాయర్‌లో పడేయకూడదు. 90 రోజులు వాడకుండా ఉంటే నంబరు రద్దయి, తర్వాత ఇంకెవరికో వెళ్లే అవకాశం ఉంది.

కస్టమర్ చేత నంబరు సేవ్ చేయించాల్సిన చోటు కౌంటరే. బిజినెస్ యాప్ మన షాపుకు ఒక క్యూఆర్ కోడ్ ఇస్తుంది. దాన్ని ప్రింట్ తీసి అద్దం పక్కన అంటిస్తే, కస్టమర్ స్కాన్ చేసి "హాయ్" అని పంపుతుంది. చాలా షాపులు అక్కడే ఆగిపోతాయి. హాయ్ వచ్చినంత మాత్రాన ఆమె ఫోన్‌లో మనం సేవ్ అయినట్టు కాదు. బిల్లు రాసేలోపు "సేవ్ చేసుకోండమ్మా, కొత్త సరుకు వస్తే స్టేటస్‌లో కనిపిస్తుంది" అని ఒక మాట అనాలి. మన వైపు కూడా వెంటనే సేవ్ చేయాలి. పేరుతోపాటు సైజు, వీధి కూడా రాసుకుంటే తర్వాత చాలా పనికొస్తుంది. "లక్ష్మిగారు XL రామాలయం వీధి" అని సేవ్ చేస్తే, XL కుర్తీలు వచ్చిన రోజు కాంటాక్ట్స్‌లో XL అని వెతికితే వాళ్లందరి పేర్లూ వరుసగా వస్తాయి.

## కేటలాగ్‌లోకి వెళ్లాల్సినవి రన్నింగ్ ఐటమ్సే

ఒక షాపును ఊహించుకుందాం. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గది షాపు. సరుకు ఎక్కువగా వన్‌టౌన్ వస్త్రలత నుంచి తెస్తారు. లోపల ముప్పై రంగుల లెగ్గిన్లు, చీరల కింద కట్టే లంగాలు, నైటీలు, స్కూల్ యూనిఫాంలు, నూట యాభై దాకా కుర్తీలు, ఎనభై చీరలు, పిల్లల ఫ్రాకులు ఉన్నాయి.

ఈ షాపువాళ్లు మామూలుగా చేసే పని కుర్తీలు, చీరలు అన్నీ ఫోటోలు తీసి కేటలాగ్‌లో పెట్టడం. యాప్ 500 ఐటమ్స్ దాకా ఒప్పుకుంటుంది కాబట్టి చోటు సమస్య రాదు. సమస్య వారం తర్వాత మొదలవుతుంది. ఆ చీరల్లో పది కౌంటర్‌లో అమ్ముడైపోయాయి. ఇక్కడ చీర అమ్మితే అక్కడ దానంతట అదే పోయే ఏర్పాటు లేదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తీసేయాలి. రద్దీ రోజున ఎవరికీ గుర్తుండదు. కస్టమర్ ఇష్టపడి అడిగిన చీరకు "అయిపోయిందమ్మా" అన్న జవాబు వస్తుంది. రెండుసార్లు అలా జరిగితే ఆమె మళ్లీ ఆ కేటలాగ్ తెరవదు. రెండొందల ఫోటోలు పెట్టినా ఎవరూ అడగకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

అందుకే కేటలాగ్‌లో పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది అయిపోతే మళ్లీ ఇదే తెప్పిస్తామా? తెప్పిస్తాం అంటే అది రన్నింగ్ ఐటమ్, కేటలాగ్‌లో పెట్టాలి. లెగ్గిన్లు, లంగాలు, ఫాల్స్, నైటీలు, పిల్లల బనియన్లు, యూనిఫాంలు ఇలాంటివి. తెప్పించం, వచ్చిన ముక్క వచ్చిందే అంటే స్టేటస్‌లో పెట్టాలి. చీరలు, డిజైనర్ కుర్తీలు, ఫ్రాకులు ఇక్కడికి వస్తాయి. ఇలా విడదీస్తే మన ఊహాషాపులో కేటలాగ్ ఇరవై, పాతిక ఐటమ్స్‌కు దిగుతుంది. అది తక్కువేం కాదు. కస్టమర్ వేలితో జరుపుతూ ఒక నిమిషంలో మొత్తం చూడగలదు, చూసిన ప్రతిదీ షాపులో నిజంగా దొరుకుతుంది.

ఐటమ్ చేర్చడం కష్టమేం కాదు. యాప్‌లో Business tools అని గానీ Tools అని గానీ ఉన్నచోట Catalog తెరిచి Add new item నొక్కాలి. ఫోటోలు, పేరు, ధర, వివరణ, కోడ్ ఇవ్వాలి. ఇచ్చాక వాట్సాప్ వాళ్లు తమ వ్యాపార నియమాల ప్రకారం ఒకసారి చూసి ఒప్పుకుంటారు. బట్టల షాపుకు ఇక్కడ అడ్డం వచ్చేవాటిలో ఒకటి పెద్ద బ్రాండ్ల గుర్తులు అచ్చేసిన కాపీ టీషర్టులు. నకిలీ బ్రాండ్ సరుకు నియమాలకు విరుద్ధం. పొరపాటున తిరస్కరించారనిపిస్తే మళ్లీ పరిశీలించమని అడిగే వీలుంది.

అసలు ఆలోచించాల్సింది దేన్ని ఒక ఐటమ్‌గా లెక్కపెట్టాలన్నది. ముప్పై రంగుల లెగ్గిన్‌ను ముప్పై ఐటమ్స్‌గా పెడితే కేటలాగ్ మొత్తం లెగ్గిన్లే కనిపిస్తాయి. ఒకే ఐటమ్‌గా పెట్టి, రంగులన్నీ మడతపెట్టి వరుసగా పేర్చి నాలుగైదు ఫోటోల్లో చూపిస్తే సరిపోతుంది. ఒక్కో ఐటమ్‌కు పది ఫోటోల దాకా పెట్టుకోవచ్చు. పేర్చిన వరుసలో ప్రతి రంగు మీదా చిన్న కాగితం ముక్కపై నంబరు రాసి ఫోటో తీస్తే కస్టమర్ "14వ నంబరు, XL" అని అడుగుతుంది. మెరూన్, వైన్, బ్రిక్ రెడ్ మధ్య తేడా మెసేజ్‌లలో తేల్చుకోవాల్సిన అవస్థ తప్పుతుంది.

యూనిఫాం విషయంలో ఇంకో చిక్కు వస్తుంది. ఐటమ్‌కు ధర పెట్టే గడి ఒక్కటే, కానీ యూనిఫాం షర్టు ధర సైజును బట్టి మారుతుంది. 24 సైజుకూ 36 సైజుకూ వంద రూపాయలు తేడా ఉంటుంది. తక్కువ సైజు ధర పెడితే పెద్దపిల్లల తల్లి కౌంటర్ దగ్గర గొడవపడుతుంది. దీన్ని 24 నుంచి 28, 30 నుంచి 32, 34 నుంచి 36 అని మూడు ఐటమ్స్‌గా విడగొట్టి, ఒక్కో గుంపుకు ఒకే ధర పెట్టడం నయం. ఆ మూడింటినీ Collections లో "స్కూల్ యూనిఫాం" అని ఒక పేరు కింద చేరిస్తే కస్టమర్‌కు ఒకేచోట కనిపిస్తాయి. జూన్, జూలై దాటాక ఆ ఐటమ్స్‌ను తీసేయకుండా కనిపించకుండా దాచొచ్చు. వచ్చే ఏడాది మళ్లీ ఫోటోలు తీసే పనుండదు, ధర సరిచూసుకుని బయటపెడితే చాలు.

కేటలాగ్‌లోంచి కస్టమర్ కొన్ని ఐటమ్స్ ఎంచుకుని కార్ట్‌లో వేసి పంపొచ్చు. ఇది చూసి ఆర్డర్ వచ్చేసిందని కొన్ని షాపులు పొరబడతాయి. అలా వచ్చింది ఒక మెసేజ్ మాత్రమే. అందులో డబ్బు కట్టినట్టు లేదు, సరుకు ఉందని మనం ఒప్పుకున్నట్టూ లేదు. దానికి "రెండు లెగ్గిన్లు ఉన్నాయి, 14వ నంబరు XL మాత్రం రేపు వస్తుంది" అని జవాబు రాశాకే బేరం మొదలైనట్టు.

## ఒక సైజ్ సెట్ స్టేటస్‌లో ఎలా నడుస్తుంది

ఇప్పుడు స్టేటస్ వైపు వద్దాం. గురువారం ఉదయం మన ఊహాషాపుకు మూడు డిజైన్ల కాటన్ కుర్తీలు వచ్చాయి. ఒక్కో డిజైన్‌లో M, L, XL, XXL ఒక్కొక్కటి చొప్పున ఒక సైజ్ సెట్. మొత్తం పన్నెండు కుర్తీలు.

పన్నెండు ఫోటోలు పెట్టాల్సిన పని లేదు. మూడు డిజైన్లు, మూడు ఫోటోలు. ప్రతి ఫోటో కింద "కాటన్ కుర్తీ, M L XL XXL ఒక్కొక్కటే, ₹540" అని రాస్తారు. ఒకేరోజు నలభై స్టేటస్‌లు పెట్టే షాపులు ఒకసారి తమ ఫోన్‌లోనే గమనించొచ్చు. మొదటి ఫోటోను చూసినవాళ్ల సంఖ్య, ఇరవయ్యో ఫోటోను చూసినవాళ్ల సంఖ్య పక్కపక్కన పెట్టి చూస్తే జనం ఎక్కడ వదిలేసి వెళ్లిపోతున్నారో తెలిసిపోతుంది. ఆ వదిలేసిన చోటు తర్వాత పెట్టిన సరుకంతా ఎవరికీ చూపించనట్టే. మంచి డిజైన్ చివర్లో పెడితే నష్టం మనకే.

స్టేటస్ చూసి ఎవరైనా జవాబు రాస్తే, అది ఆ ఫోటోతో సహా మనకు విడి చాట్‌గా వస్తుంది. ఏ డిజైన్ గురించి అడుగుతున్నారో వెతుక్కోనక్కర్లేదు. బట్టల షాపుకు స్టేటస్ బాగా కలిసిరావడానికి ఇదొక కారణం.

మధ్యాహ్నానికి మొదటి డిజైన్‌లో XL, XXL అయిపోయాయి అనుకుందాం. కింద "M L XL XXL" అని ఇంకా అలాగే ఉంది. పెట్టేసిన స్టేటస్ కింద రాసింది మార్చే వీలు లేదు కాబట్టి, ఆ ఒక్కటి తీసేసి "M, L మాత్రమే" అని మళ్లీ పెట్టాలి. రెండు సైజులే మిగిలాయి కదా, వదిలేద్దాం అనుకుంటారు చాలామంది. కానీ సాయంత్రం XL కోసం అడిగే ఐదుగురికి ఐదుసార్లు లేదని చెప్పడం కంటే ఇది తక్కువ పని. పైగా మళ్లీ పెట్టిన స్టేటస్ కొత్తది కాబట్టి పొద్దున చూడనివాళ్ల కంటబడుతుంది.

ఎవరెవరు చూడాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. మన ఫోన్‌లో కస్టమర్లతోపాటు హోల్‌సేల్ వాళ్లు, పక్క షాపుల వాళ్లు కూడా ఉంటారు. స్టేటస్ ప్రైవసీలో My contacts except ఎంచుకుని వాళ్లను తీసేస్తే, మనం ఏది ఎంతకు అమ్ముతున్నామో వాళ్లకు స్టేటస్‌లో కనిపించదు. కేటలాగ్ మాత్రం అలా కాదు. మన నంబరు తెలిసి పేజీ తెరిచిన ఎవరికైనా అది కనిపిస్తుంది.

## ధర రాయాలా, వద్దా

దీని మీద వ్యాపారుల్లో రెండు పక్షాలున్నాయి. ఇద్దరి మాటలోనూ బలం ఉంది.

రాయొద్దనేవాళ్లు చెప్పేది ఇది. వీధి షాపులో బేరం ఆడటం మామూలు. ₹340కి తెచ్చిన కుర్తీ మీద ₹599 చీటీ ఉంటుంది, బేరమాడితే ₹520కి ఇస్తారు. ₹599 అని స్టేటస్‌లో రాస్తే ఖరీదని చూసి వదిలేస్తారు. ₹520 అని రాస్తే షాపుకొచ్చి అక్కడి నుంచి కూడా తగ్గించమంటారు. ధర రాయకపోతే కస్టమర్ అడుగుతుంది, మాట కలుస్తుంది, ఇంకో రెండు చూపించొచ్చు.

రాయాలనేవాళ్ల మాట వేరు. అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. ముఖ్యంగా ధర తమకు అందదేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు అడగకుండానే జరిపేస్తారు. అడిగేవాళ్లకైనా మనం కౌంటర్‌లో బిజీగా ఉండి గంట తర్వాత జవాబిస్తే అప్పటికి వాళ్లకు ఆసక్తి పోతుంది. ఇరవై మందికి విడివిడిగా "₹540 అమ్మా" అని టైప్ చేయడం కూడా ఒక పనే.

నాకు రెండో పక్షం మాట ఎక్కువ నిజమనిపిస్తుంది, ఒక్క మినహాయింపుతో. రన్నింగ్ ఐటమ్స్‌కు, వెయ్యి లోపు కుర్తీలకు ధర రాయడమే మేలు. అది షాపులో చివరకు అమ్మే ధరకు దగ్గరగా ఉండాలి. మన ఉదాహరణలో ₹540 అని పెట్టింది అందుకే. షాపుకొచ్చి ఇరవై తగ్గించమంటే తగ్గించడానికి చోటుంది, చూసి పారిపోయేంత ఎక్కువా కాదు. పట్టుచీరల లాంటి పెద్ద కొనుగోళ్లలో మాత్రం ముట్టుకుని చూడకుండా ఎవరూ నిర్ణయించుకోరు. అక్కడ ధర రాయకుండా షాపుకు రమ్మనడంలో అర్థముంది. ఏది రాసినా ఆ ధర జీఎస్టీతో కలిపినదై ఉండాలి. బిల్లు దగ్గర పన్ను విడిగా కలిపితే, స్టేటస్ చూసి వచ్చిన కస్టమర్‌కు మోసపోయినట్టే అనిపిస్తుంది.

## ఫోటో, కొలత

సూరత్ నుంచి వచ్చే సరుకుతోపాటు మోడల్స్ వేసుకున్న ఫోటోలు కూడా వస్తాయి. అవి పెట్టడం తేలిక, చూడ్డానికీ బాగుంటాయి. చిక్కేమిటంటే అదే ఫోటో పక్క వీధి షాపువాళ్లు కూడా పెడతారు. ఆ ఫోటోలో స్టూడియో లైట్ల కింద మెరిసిన గుడ్డ మన షాపులో ట్యూబ్‌లైట్ కింద వేరే రంగులో కనిపిస్తుంది. "ఫోటోలో ఉన్నట్టు లేదు" అన్న మాట చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది. కంపెనీ ఫోటో ఒకటి పెట్టినా, వెనకే మన షాపులో తీసిన ఫోటో ఒకటి ఉండాలి. పొద్దున షట్టర్ తీశాక గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట వేలాడదీసి తీస్తే రంగు దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది.

సైజు అక్షరాలను మాత్రం నమ్మి రాయకూడదు. కుర్తీల్లో M అంటే 38, L అంటే 40, XL అంటే 42, XXL అంటే 44 అంగుళాల ఛాతీ అని మామూలు లెక్క. కానీ ఒక తయారీదారు XL ఇంకొకరి L లా వస్తుండటం బట్టల షాపులో అందరికీ తెలిసిందే. కుర్తీని బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు టేపుతో కొలిస్తే 21 అంగుళాలు వస్తే అది నిజంగా 42. 20 వస్తే చీటీ మీద ఏముందో పట్టించుకోకుండా "40" అని రాయాలి. ఇంటికి పంపిన బట్ట సరిపోక వెనక్కి రావడం ఈ ఒక్క కొలతతో చాలా తగ్గుతుంది.

## గ్రూప్ ఎందుకు వద్దంటారు

స్టేటస్ అందరికీ చేరట్లేదని కొందరు కస్టమర్లందరితో గ్రూప్ పెడతారు. గ్రూప్‌లో చేరినవాళ్లందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్ల బట్టల షాపులో ఇది చిన్న విషయం కాదు. చీర కొన్నందుకు తన నంబరు రెండొందల మంది ముందు పడిందని తెలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది. పైగా ఒకరు "రంగు పోయింది" అని రాస్తే అందరూ చూస్తారు.

బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఈ బాధ లేదు. 256 మంది దాకా చేర్చి ఒకే మెసేజ్ పంపితే, ఒక్కొక్కరికీ విడిగా వచ్చినట్టే కనిపిస్తుంది. ఇది కూడా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఇది ఒక పరీక్షగా కూడా పనికొస్తుంది. బ్రాడ్‌కాస్ట్ పంపిన రెండుమూడు రోజుల తర్వాత కూడా ఎవరి దగ్గరైనా చేరినట్టు కనిపించకపోతే వాళ్లు మనల్ని సేవ్ చేసుకోలేదని అనుమానించవచ్చు. ఈసారి షాపుకొచ్చినప్పుడు ఆ మాట అడగొచ్చు. కానీ దీన్ని రోజూ వాడితే విసుగు పుట్టి బ్లాక్ చేస్తారు. ఆషాఢం తగ్గింపులకూ, శ్రావణమాసం చీరలకూ ఉంచుకుంటే చాలు.

## ఒకే ముక్కకు ఇద్దరు అడిగితే

స్టేటస్‌తో అమ్మే షాపుల్లో మనస్తాపాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. గురువారం వచ్చిన రెండో డిజైన్ XL కుర్తీనే తీసుకుందాం. 2:10కి ఒకామె "ఇది XL ఉందా అక్కా?" అని అడిగింది. 2:14కి ఇంకొకామె "నాకు ఉంచండి" అంటూ వంద రూపాయలు పంపింది. కుర్తీ ఎవరిది?

ముందు అడిగినవాళ్లదే అనేది ఒక పద్ధతి. వీధిలో ముఖాలు తెలిసిన కస్టమర్ల మధ్య ఇది న్యాయంగా కనిపిస్తుంది. కానీ అడిగినవాళ్లలో సగం మంది చూద్దామని అడిగేవాళ్లే. వాళ్ల కోసం ఆపితే సాయంత్రానికి ముక్క మిగిలిపోతుంది. డబ్బు పంపినవాళ్లదే అనేది రెండో పద్ధతి. ఇది లెక్క తేలికే గానీ, యూపీఐ వాడని పెద్దావిడలు ప్రతిసారీ వెనకబడతారు. ఎన్నో ఏళ్లుగా కొంటున్న ఆవిడను నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి దాటేస్తే ఆ బాధ చాలాకాలం ఉంటుంది.

ఏదో ఒక పద్ధతి పెట్టుకుని ముందే చెప్పడం ముఖ్యం. "ముందు ‘నాకు ఉంచండి’ అన్నవాళ్లకు సాయంత్రం 7 దాకా ఉంచుతాం, రాకపోతే తర్వాతి వాళ్లకు" అని స్టేటస్ చివర ఒక వాక్యం పెట్టొచ్చు. దీనివల్ల డబ్బు పంపలేనివాళ్లకూ అవకాశం ఉంటుంది, ఊరికే అడిగేవాళ్ల వల్ల ముక్క ఆగిపోదు. ఈ లెక్కన కుర్తీ 2:14 ఆమెది, ఎందుకంటే 2:10 ఆమె ఉందా అని మాత్రమే అడిగింది. మొదటి ఆమెకు "ఒకరు ఉంచమన్నారు, 7కి రాకపోతే మీకే చెబుతాను" అని వెంటనే రాయాలి. యాప్‌లో చాట్‌లకు లేబుల్స్ పెట్టే వీలుంది. ఇద్దరి చాట్‌లకూ తగిన లేబుల్ పెట్టుకుంటే ఏడింటికి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

డబ్బు పంపామని వచ్చే స్క్రీన్‌షాట్‌ను చూసి బట్ట కట్టి ఇచ్చేయకూడదు. స్క్రీన్‌షాట్‌ను మార్చడం చాలా తేలిక. మన బ్యాంకు యాప్‌లోనో, సౌండ్‌బాక్స్‌లోనో డబ్బు పడిందని తేలాకే ఇవ్వాలి.

ఇదంతా ఫోన్‌లో జరుగుతుండగానే ఆ కుర్తీ షాపులో హ్యాంగర్‌కే ఉంటుంది. షాపుకొచ్చిన ఇంకో కస్టమర్ దాన్నే తీసి కౌంటర్ మీద పెడుతుంది. ఫోన్ ఒకరి చేతిలో, కౌంటర్ ఇంకొకరి చేతిలో ఉన్న షాపుల్లో ఇది తరచూ జరుగుతుంది. అందుకే "నాకు ఉంచండి" అన్న మెసేజ్ రాగానే ముక్కను హ్యాంగర్ నుంచి తీసి, పేరు, సమయం రాసిన చీటీ గుచ్చి, కౌంటర్ వెనక విడిగా ఒక అరలో పెట్టాలి. ఏడు దాటాక ఆ అరలో మిగిలినవాటిలో వెయిటింగ్‌లో ఎవరైనా ఉంటే వాళ్లకు మెసేజ్ పెట్టాలి, ఎవరూ లేనివి చీటీ తీసి మళ్లీ హ్యాంగర్‌కు వేలాడదీయాలి.